రిపోర్టింగ్ ప్యాక్ పంపే ముందు: కోట్లను మిలియన్లలోకి మార్చేటప్పుడు జాగ్రత్తలు

మార్చి 31 దాటగానే, విదేశంలో మాతృసంస్థ ఉన్న కంపెనీల అకౌంట్స్ విభాగాలకు మూడు రకాల అంకెలతో పని పడుతుంది. లెడ్జర్ రూపాయల్లో ఉంటుంది, ఇక్కడి బోర్డుకు ఇచ్చేది కోట్లలో ఉంటుంది, అక్కడివాళ్లు అడిగేది మిలియన్లలో. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు, వంద కోట్లు ఒక బిలియన్, లక్ష కోట్లు ఒక ట్రిలియన్. ఈ లెక్క అందరికీ తెలిసిందే, ఇందులో ఎవరూ తప్పరు. తప్పు జరిగేది ఏ అంకె నుంచి మొదలుపెట్టారన్న దగ్గర.

బోర్డు పేపర్ చేతిలో సిద్ధంగా ఉంటుంది కాబట్టి దాన్నే పదితో గుణించేస్తారు. దీనివల్ల ఏమవుతుందో మూడు ఖర్చులు తీసుకుని చూద్దాం. జీతాలు రూ. 18,34,62,000, అద్దెలు రూ. 6,21,47,000, ఇతర ఖర్చులు రూ. 9,47,44,000. మొత్తం రూ. 34,03,53,000.

జీతాలను కోట్లలో రెండు దశాంశాలకు రాస్తే 18.35. దాన్ని పదితో గుణిస్తే 183.5 మిలియన్లు. మాతృసంస్థ ఫారంలో దశాంశాలు లేవు, కాబట్టి 184 అని వేస్తారు. కానీ అసలు జీతాలు 183.462 మిలియన్లు, అంటే రావాల్సింది 183. ఒకసారి సవరించిన అంకెను మళ్లీ సవరించినందుకు పది లక్షల రూపాయలు అదనంగా పుట్టుకొచ్చాయి. పైగా అద్దెలు 62, ఇతరాలు 95 కలిపితే మొత్తం 341 వస్తుంది, ఫారంలో మొత్తం గడిలో మాత్రం 340 ఉంటుంది. నేరుగా రూపాయల నుంచి మారిస్తే 183, 62, 95 కలిపి సరిగ్గా 340 వచ్చేది.

అందుకని మొదటి జాగ్రత్త: ఏ యూనిట్‌లోకి మార్చినా రూపాయల నుంచే మార్చాలి, రౌండింగ్ చివరి అడుగులో ఒక్కసారే జరగాలి. కోట్ల షీట్ ఒక కొమ్మ, మిలియన్ల షీట్ ఇంకో కొమ్మ. రెండూ ట్రయల్ బ్యాలెన్స్ నుంచే రావాలి, ఒకదాని నుంచి ఇంకొకటి రాకూడదు. ఎక్సెల్‌లో భాజకానికి `Unit` అని పేరు పెట్టిన ఒకే గడిని కేటాయించి, అందులో 1000000 ఉంచండి. మొత్తాన్ని కూడా రౌండ్ చేసిన అంకెలను కూడి కాకుండా, అసలు రూపాయలను కూడి తీయాలి:

```
=ROUND(B5/Unit,1)
=ROUND(SUM(B5:B7)/Unit,1)
```

కోట్ల అంకె తప్ప ఇంకేమీ దొరకని సందర్భాలూ ఉంటాయి, ముఖ్యంగా పాత సంవత్సరాలవి. అప్పుడు దశాంశాల హద్దు గుర్తుపెట్టుకోండి. కోట్లలో రెండు దశాంశాలంటే లక్ష రూపాయల వరకు ఖచ్చితత్వం, అది మిలియన్లలో ఒక దశాంశంతో సమానం. 18.35 కోట్లను 183.5 మిలియన్లు అనొచ్చు. 183.50 అని రాస్తే పది వేల రూపాయల వరకు మనకు తెలుసని చెప్పినట్టు, అది నిజం కాదు. అలాగని 184కు కుదించినా పైన చూసిన గొడవే.

ఇంత జాగ్రత్తగా చేసినా మొత్తాలు ఒక్కోసారి కలవవు. పై మూడింటినే ఒక దశాంశంతో రాస్తే 183.5, 62.1, 94.7 వస్తాయి. కూడితే 340.3, అసలు మొత్తం 340.4. ఇది తప్పు కాదు, రౌండింగ్ స్వభావం. 'రౌండింగ్ కారణంగా మొత్తాల్లో స్వల్ప తేడా ఉండొచ్చు' అని ఒక గమనిక పెడితే చాలు. అయితే కొన్ని కన్సాలిడేషన్ సాఫ్ట్‌వేర్లు కూడిక కలవకపోతే ప్యాక్‌ను ముందుకు పోనివ్వవు. అప్పుడు చాలామంది ఆ 0.1ను పెద్ద అంకెకు తగిలిస్తారు. ఇక్కడ అలా చేస్తే, ఇప్పటికే పైకి సవరించిన జీతాలు 183.6 అవుతాయి, అసలుకు 0.138 దూరం. బాగా కోతపడింది అద్దెలే, 62.147లో 0.047 పోయింది. దాన్ని 62.2 చేస్తే తేడా 0.053 మాత్రమే. లాభం, పన్ను, నగదు ముగింపు నిల్వ లాంటి వరుసలను మాత్రం దీనికోసం ముట్టుకోవద్దు, అవి ఇంకో పట్టికలోని అంకెలతో కలవాలి. ఏ వరుసను సవరించారో వర్కింగ్ షీట్‌లో రాసిపెట్టండి. వచ్చే ఏడు గత సంవత్సరం గడిలో ఇదే అంకె వేయాలి కదా.

ఇక కామాల సంగతి. ఎక్సెల్‌లో లక్షలు, కోట్ల కామాల కోసం అందరూ ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ చేసుకునే ఫార్మాట్ ఇది:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

ఇందులో రెండు షరతులూ ధన సంఖ్యలకే. రుణ సంఖ్యలన్నీ మూడో భాగంలో పడతాయి, అక్కడ కామా మూడేసి అంకెలకు వస్తుంది. కాబట్టి లాభం 1,23,45,678 అని కనిపిస్తే, అంతే నష్టం -12,345,678 అని కనిపిస్తుంది. ఒకే వరుసలో రెండు పద్ధతులన్నమాట. వేగంగా చదివేవాడు దాన్ని 12 మిలియన్లు అని సరిగ్గానే చదువుతాడు, పక్కనున్న లాభాన్ని మాత్రం కోటి ఇరవై మూడు లక్షలుగా చదివి, రెండూ వేరని అనుకుంటాడు. విండోస్ రీజియన్ సెట్టింగ్స్‌లో అంకెల గుంపులను భారతీయ పద్ధతికి మార్చి, గడికి మామూలు `#,##0` పెడితే లాభనష్టాలు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే ఫైల్ అవతలివాళ్ల కంప్యూటర్‌లో వాళ్ల కామాలతో తెరుచుకుంటుంది, విలువ మారదు.

మొత్తం షీట్‌ను ఎంచుకుని పేస్ట్ స్పెషల్‌తో పదితో గుణించే అలవాటు అన్నిటికంటే ప్రమాదం. ఉద్యోగుల సంఖ్య, శాతాలు, షేరు ముఖవిలువ కూడా పదింతలవుతాయి, అవి కనీసం కంటికి కనిపిస్తాయి. డబ్బు అంకెలనే ఎంచుకుని మార్చినా, కనిపించకుండా పోయేది షేరుకు ఆదాయంలో తప్పు. లాభం 25.20 కోట్లు, షేర్లు 140 లక్షలు అనుకోండి. సరైన జవాబు 18 రూపాయలు. లాభాన్ని 252 మిలియన్లుగా మార్చి, షేర్లను లక్షల్లోనే వదిలేసి భాగిస్తే 1.80 వస్తుంది. చూడటానికి నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది, అందుకే దొరకదు. షేర్లను కూడా 14 మిలియన్లు చేశాకే భాగించాలి.

శీర్షికల్లో పొట్టి అక్షరాలు వద్దు. `Cr` అంటే కోటి అనుకుని రాస్తాం, ట్రయల్ బ్యాలెన్స్ చూసేవాడికి అది క్రెడిట్. `M` కొందరికి మిలియన్, రోమన్ లెక్క పాటించేవాళ్లకు వెయ్యి, వాళ్లు మిలియన్‌కు `MM` వాడతారు. 'రూపాయలు మిలియన్లలో' అని పూర్తిగా, ప్రతి పేజీ పైనా రాయండి. కరెన్సీ పేరు కూడా అక్కడే ఉండాలి, లేకపోతే డాలర్ మిలియన్లనుకునే అవకాశం ఉంది. కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలు కూడా ఒకసారి ఎంచుకున్న యూనిట్‌నే ఆ ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లన్నిటా వాడాలంటుంది. మొత్తం ఆదాయం వంద కోట్లలోపు ఉంటే వందలు, వేలు, లక్షలు, మిలియన్లు, వంద కోట్లు, ఆపైన ఉంటే లక్షలు, మిలియన్లు, కోట్లు వాడొచ్చు.

పోల్చి చూసే పట్టికల్లో ఇది ఇంకా ముఖ్యం. టీసీఎస్ లెక్కలు కోట్లలో, విప్రో లెక్కలు రూపాయల మిలియన్లలో ఉంటాయి. రెండు నివేదికల నుంచి అంకెలు తెచ్చి పక్కపక్కన పెడితే, విప్రో అసలు ఉన్నదానికి పదింతలు పెద్దదిగా కనిపిస్తుంది.

మాతృసంస్థ జర్మనీదైతే ఇంకో మాట. వాళ్ల భాషలో మన బిలియన్ 'మిలియార్డె'. వాళ్లు 'బిలియోన్' అంటే మన ట్రిలియన్, అంటే లక్ష కోట్లు. చుక్కా కామా కూడా తారుమారే, 1.234,5 అంటే వెయ్యి రెండు వందల ముప్పై నాలుగున్నర. వాళ్లకు పంపే మెయిల్‌లో ముఖ్యమైన ఒకటి రెండు అంకెలను సున్నాలన్నీ వేసి పూర్తిగా రాసి పంపండి.