రీఫండ్ రాలేదా? ముందు ఏఆర్ఎన్ నంబర్ అడగండి

ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ తిరిగి పంపేశాను, మా ఎంవీపీ కాలనీ ఇంటికే వచ్చి తీసుకెళ్లారు. రెండో రోజు యాప్‌లో "రీఫండ్ పూర్తయింది" అని కనిపించింది గానీ, వారం దాటినా పైసా పడలేదు. షాపు వాళ్లు బ్యాంకుని అడగమంటారు, బ్యాంకు వాళ్లు మాకేం రాలేదంటారు, మధ్యలో టెన్షన్ మనకి.

చివరికి పని చేసింది ఒక్కటే. కార్డుతో కట్టి ఉంటే షాపు వాళ్లని ఏఆర్ఎన్ అడగండి. అది 23 అంకెల నంబర్, రీఫండ్ నిజంగా కార్డు నెట్‌వర్క్‌లోకి వెళ్తేనే వస్తుంది, దాన్ని ఇస్తే బ్యాంకు వాళ్లు వెతికి పట్టుకుంటారు. ఎన్నిసార్లు అడిగినా నంబర్ ఇవ్వట్లేదంటే డబ్బు ఇంకా షాపు దగ్గరే ఉందని అనుమానించాలి, అప్పుడు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడమే. యూపీఐతో కడితే ఇలాగే వెతకడానికి పనికొచ్చే 12 అంకెల ఆర్ఆర్ఎన్ నంబర్ అడగాలి.

యూపీఐ రీఫండ్ మామూలుగా అదే రోజో, రెండు మూడు రోజుల్లోనో ఖాతాలో పడిపోతుంది. కార్డులకైతే వారం దాకా, అదీ బ్యాంకు పని దినాలు లెక్క, కాబట్టి మధ్యలో ఆదివారాలూ పండగలూ వస్తే ఇంకా సాగుతుంది. క్రెడిట్ కార్డు రీఫండ్ కోసం పొదుపు ఖాతాలో వెతక్కండి (నేను రెండు రోజులు అదే చేశాను!), అది కార్డు స్టేట్‌మెంట్‌లో జమగా కనిపిస్తుంది.

నంబర్ ఇచ్చి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, ఫీజేమీ లేదు.