టర్మ్ షీట్ చదవడం ఎలా? సంతకానికి ముందు లెక్క కట్టాల్సిన రెండు క్లాజులు

పెట్టుబడి షరతులు రాసి ఇన్వెస్టర్ ఇచ్చే టర్మ్ షీట్ చేతికి రాగానే అందరి కళ్లూ వాల్యుయేషన్ మీదికే పోతాయి. దాన్ని ఆఖర్న చదవండి. ముందు ప్రింట్ తీసుకుని, పక్కన ఎక్సెల్ తెరిచి పెట్టుకోండి. బోర్డు సీట్లు, వెస్టింగ్ లాంటివి లాయర్‌తో కూర్చుంటే తేలిపోతాయి. గోప్యత, ఎక్స్‌క్లూజివిటీ తప్ప మిగతా షరతులకు సాధారణంగా చట్టబద్ధత ఉండదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ తలూపిన షరతును తుది ఒప్పందంలో మార్పించడం చాలా కష్టం.

ఇప్పుడు లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే డబ్బు పంచుకునేటప్పుడు ఇన్వెస్టర్ తన పెట్టుబడిని అందరికంటే ముందు వెనక్కి తీసుకునే హక్కు. కంపెనీ మూతపడినప్పుడే ఇది వర్తిస్తుందనుకుంటారు. కాదు. నిర్వచనం చదవండి, కంపెనీని అమ్మేసినా, వేరే కంపెనీలో కలిపినా వర్తిస్తుందని దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఇన్వెస్టర్ 5 కోట్లు పెట్టి 25 శాతం వాటా తీసుకున్నారనుకుందాం. మిగతాదంతా మీదే. ప్రిఫరెన్స్ ఒక రెట్టు, నాన్ పార్టిసిపేటింగ్. కంపెనీ 12 కోట్లకు అమ్ముడైతే ఆయన తన 5 కోట్లు వెనక్కి తీసుకోవచ్చు, లేదా 25 శాతం కింద 3 కోట్లు తీసుకోవచ్చు. సహజంగానే 5 కోట్లు తీసుకుంటారు, మీకు 7 మిగులుతాయి.

అదే పార్టిసిపేటింగ్ అని ఉంటే ముందు 5 కోట్లు, ఆపైన మిగిలిన 7 కోట్లలోనూ 25 శాతం ఆయనకే. మీకు మిగిలేది 5.25 కోట్లు. ఒక్క మాటతో 1.75 కోట్లు చేజారాయి. కంపెనీ 30 కోట్లకు అమ్ముడైతే ఈ తేడా 3.75 కోట్లు. అందుకే "ఒక రెట్టే కదా" అని ఆగిపోకండి. పార్టిసిపేటింగ్ అన్న పదం కనిపిస్తే కొట్టేయమని అడగండి. వాల్యుయేషన్ కాస్త తగ్గినా పర్వాలేదు. తర్వాతి రౌండ్ ఇన్వెస్టర్లు కూడా అదే అడుగుతారు కాబట్టి నేనైతే దీని మీద రాజీపడను. రెండు, మూడు ధరలు వేసి మీ వాటా మీరే లెక్కకట్టుకోండి, వాళ్లు పంపిన పట్టికను నమ్ముకోవద్దు.

యాంటీ డైల్యూషన్ అంటే, తర్వాతి రౌండ్‌లో షేరు ధర పడిపోతే పాత ఇన్వెస్టర్‌కు ఇచ్చే రక్షణ. ఫుల్ ర్యాచెట్ అని ఉంటే ఆయన ధర కూడా కొత్త ధరకే దిగిపోతుంది, పెట్టిన డబ్బుకు ఆ ధర లెక్కన షేర్లు వస్తాయి. మొత్తం 10 లక్షల షేర్లు, ఒక్కోటి 200 రూపాయలు, అందులో ఆయనవి 2.5 లక్షలు అనుకోండి. మీరు 100 రూపాయల చొప్పున 2 లక్షల కొత్త షేర్లు అమ్మితే, ఫుల్ ర్యాచెట్‌లో ఆయన షేర్లు 5 లక్షలవుతాయి, మీ 75 శాతం దాదాపు 52కు పడిపోతుంది. బ్రాడ్ బేస్డ్ వెయిటెడ్ ఆవరేజ్‌లో అయితే ఆయన ధర దాదాపు 183 దగ్గర ఆగుతుంది, మీకు 61 శాతం మిగులుతుంది. సూత్రం ఇది:

```
CP2 = CP1 × (A + B) / (A + C)
```

CP2 ఆయనకు వర్తించే కొత్త ధర, CP1 పాత ధర, A పాత మొత్తం షేర్లు, B కొత్త డబ్బుకు పాత ధరలో వచ్చే షేర్లు, C నిజంగా ఇచ్చిన కొత్త షేర్లు. ఇంకొకటి. ఉద్యోగులకిచ్చే ఈసాప్ షేర్లు ఈ క్లాజు కిందికి రావని స్పష్టంగా రాయించుకోండి, లేకపోతే ఉద్యోగికి చవగ్గా షేర్లిచ్చిన ప్రతిసారీ ఇన్వెస్టర్ ధర తగ్గించాలన్న వాదనకు తావిచ్చినట్టే.