చిల్లర ఖర్చుల లెక్క ఇట్ల కుదిరింది

మాది వరంగల్‌ల పైపుల షాపు, ఇదివరకు మా పిల్లగాడు అడిగినప్పుడల్లా వెయ్యో రెండువేలో చిల్లర ఖర్చులకి ఇచ్చేటోణ్ణి, నెలాఖరుకి ఎంత మిగలాల్నో ఎవ్వరికీ తెల్వకపోయేది. ఇప్పుడు ఇంప్రెస్ట్ పద్ధతి పెట్టినం, అంటే డబ్బాల 5,000 ఫిక్స్, ఎంత ఖర్చయితే అంతే మళ్ల నింపుడు. ఎప్పుడు చూసినా క్యాష్, వోచర్లు కలిపి 5,000 రావాలె.

పోయిన శనివారం క్యాష్ 1,340, వోచర్లు 3,510, అంటే 150 తక్కువ. అడిగితే పొద్దున హమాలీకి ఇచ్చి చీటీ రాయలేదన్నడు, ఆ 150కి చీటీ రాయించి హమాలీ సంతకం తీసుకున్నంకనే 3,660 ఇచ్చిన, మళ్ల 5,000 అయింది. రౌండ్‌గా 4,000 ఇస్తే ఈ లెక్క చెడిపోతది, ఎందుకంటే మనం నింపే పైసలే ఆ వారం ఖర్చు. పాస్ చేసిన చీటీల మీద 'పెయిడ్' ముద్ర కొడ్తున్న, లేకుంటే అదే చీటీ మళ్లొస్తది. దొంగ బిల్లు పెడితే మాత్రం మొత్తం సరిపోయినట్టే కనవడ్తది, అందుకే ఒక్కొక్కటి చూసినంకనే నింపుతున్న.