పొటాషియం దగ్గర తప్పు చేయకుండా ఎలక్ట్రాన్లను నింపడం ఎలా?

కావలిలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఏటా కొందరు పొటాషియానికి 2, 8, 9 అని రాసుకొస్తారు. "మూడో కర్పరంలో 18 పడతాయి కదా సార్, 9 పెడితే తప్పేంటి?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ జవాబు తప్పు.

ముందు కాగితం మీద n = 3 అని రాయండి, అంటే మూడో కర్పరం. ఉపకర్పరాన్ని చెప్పే l విలువలు 0, 1, 2, అంటే 3s, 3p, 3d. n కంటే ఒకటి తక్కువ దగ్గర ఆగాలి, అందుకే 3f అనేది లేదు. ఒక్కో l కి m విలువలు −l నుంచి +l వరకు, సున్నాతో కలిపి రాయాలి. 3s కి 1, 3p కి 3, 3d కి 5, మొత్తం 9 ఆర్బిటాళ్లు. ఒక పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ n, l, m, స్పిన్ అనే నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకటే కాకూడదని పౌలి 1925లో చెప్పాడు. మొదటి మూడూ ఒకటైతే మిగిలేది స్పిన్. అది +½ లేదా −½, రెండే. కాబట్టి ఆర్బిటాల్‌కు రెండు, కర్పరానికి 18. ఇంతవరకు ఎవరూ తప్పరు.

ఇక్కడ ఆగి చదవండి. పౌలి నియమం ఎన్ని పడతాయో చెబుతుంది, ఏది ముందు నిండుతుందో చెప్పదు. అది శక్తిని బట్టి ఉంటుంది. హైడ్రోజన్‌లో ఒక్కటే ఎలక్ట్రాన్, శక్తి n మీదే ఆధారపడుతుంది. 3s, 3p, 3d మూడూ −1.51 eV దగ్గరే, 4s ఏమో −0.85 eV దగ్గర, అంటే పైన. పిల్లలు ఈ వరసనే పొటాషియానికీ తీసుకెళ్తారు.

పొటాషియంలో కేంద్రకానికి 19 ధనావేశాలున్నా, లోపలి 18 ఎలక్ట్రాన్లు అడ్డు నిలుస్తాయి. 3d ఎలక్ట్రాన్ కేంద్రకం దగ్గరికి దాదాపు పోదు, దానికి అందే ఆకర్షణ ఒక్క ఆవేశానిదే అనుకోవచ్చు. 4s ఎలక్ట్రాన్ ఎక్కువగా బయటే తిరిగినా, కొంత భాగం ఆ అడ్డు దాటి లోపలికి చొచ్చుకుపోతుంది. ఎక్కువ ఆవేశం రుచి చూస్తుంది కాబట్టి దాని శక్తి 3d కంటే తగ్గిపోతుంది. అందుకే 19వ ఎలక్ట్రాన్ (4, 0, 0, +½). విన్యాసం 2, 8, 8, 1. సోడియంలాగే పొటాషియం కూడా ఒక ఎలక్ట్రాన్‌ను తేలిగ్గా వదిలేయడం దీనికి సాక్ష్యం.

వరస కోసం ఏటవాలు బాణాల బొమ్మ నేను వేయించను. పరీక్ష టెన్షన్‌లో ఒక బాణం జారితే అంతా జారుతుంది. n + l కూడండి: 4s కి 4, 3d కి 5. తక్కువది ముందు, సమానమైతే చిన్న n ముందు. కాల్షియం 20వది (4, 0, 0, −½), స్కాండియం 21వది 3d లోకి. క్రోమియం, కాపర్ మాత్రం ఈ లెక్కకు లొంగవు, వాటిని విడిగా గుర్తుంచుకోవాలి.

ఇది నింపే క్రమమే. ఎలక్ట్రాన్లు తీసేటప్పుడు తిరగేసి లెక్కేయకండి: ఇనుము 3d⁶ 4s², Fe²⁺ అయితే మిగిలేది 3d⁶.