ఓడ బుక్ చేసే ముందు: గ్రానైట్ ఎగుమతిదారులకు జాగ్రత్తలు

చిత్తూరు గ్రానైట్ దిమ్మెలను కృష్ణపట్నంలో ఓడకెక్కించేవాళ్లు ఓడ అద్దె ఒప్పందమైన చార్టర్ పార్టీపై సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి.

లేటైమ్, అంటే సరుకు ఎక్కించడానికి మనకిచ్చే గడువు, ఎప్పుడు మొదలవుతుందో ముందు చదవండి. జెన్‌కాన్ 1994 అనే ప్రామాణిక చార్టర్ పార్టీ ఫారం ప్రకారం ఓడ సిద్ధమన్న నోటీసు మధ్యాహ్నం 12 లోపు అందితే అదే రోజు 1 గంటకు లెక్క మొదలు. ఆ తర్వాత అందితే మరుసటి పనిదినం ఉదయం 6కి. మన లారీలు దారిలో ఆగిపోయాయంటే ఓడ యజమాని వినడు.

అసలు చిక్కు వానతోనే. 12,000 టన్నులు, రోజుకు 3,000 చొప్పున లేటైమ్ 4 రోజులు, ఆ గడువు దాటితే కట్టాల్సిన డెమరేజ్ రోజుకు 10,000 డాలర్లు అనుకుందాం. లోడింగ్‌కు 6 రోజులు పట్టింది, అందులో ఒక రోజంతా వాన. వాన సమయాన్ని లేటైమ్‌లో లెక్కించకూడదన్న షరతు ఉండి, ఆ వాన రెండో రోజు పడితే కట్టేది 10,000. అదే ఐదో రోజు పడితే 20,000! డెమరేజ్ మొదలయ్యాక, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, వానైనా సెలవైనా గడియారం ఆగదు. అందుకే నవంబరులో లోడింగ్ పెట్టుకుంటే రోజువారీ టన్నులు తక్కువ రాయించుకోండి. ఇక్కడ మొహమాటపడొద్దు.

ఇక స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్, అంటే రేవులో ఓడ దగ్గర ఎప్పుడేం జరిగిందో రాసే పత్రం. వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో, ఓడ క్రేన్ ఎంతసేపు పాడైందో గంటలతో సహా ఉందో లేదో మీ ఏజెంట్‌ను చూడమనండి. లేకపోతే, అభ్యంతరం అక్కడే రాసి సంతకం చేయమనండి.