ముక్కు పట్టుకున్నా రక్తం ఆగట్లేదా?

మే నెల ఎండలో అలిపిరి మెట్లెక్కుతున్న పదేళ్ల పిల్లాడికి ముక్కులోంచి రక్తం కారిందనుకుందాం. పక్కవాళ్లు తల వెనక్కి వాల్చమంటారు, ఒకరు నెత్తిన నీళ్లు పోస్తారు. నాన్న ముక్కు పట్టుకుని కూర్చున్నా రక్తం ఆగదు.

సమస్య: పట్టుకున్నా కారుతూనే ఉంది

పట్టుకున్న చోటు తప్పు కావచ్చు. చాలామంది కళ్లద్దాలు ఆనే గట్టి ఎముక దగ్గర నొక్కుతారు. కానీ ఎక్కువసార్లు రక్తం వచ్చేది రెండు రంధ్రాల మధ్య గోడకు ముందు వైపు, ముక్కు కొనకు దగ్గరలో. అక్కడ సన్నటి రక్తనాళాలు పైపైనే ఉంటాయి. పొడిగాలికి ఆ గోడ ఎండి పక్కు కడుతుంది, వేలు పెట్టి గిల్లితే చిట్లుతుంది.

పిల్లాణ్ణి నీడలో కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచండి. బొటనవేలు, చూపుడువేలుతో ఎముక కింద ఉన్న మెత్తటి భాగాన్ని, రెండు వైపులా కలిసేలా గట్టిగా నొక్కి పట్టండి. నోటితో గాలి పీల్చుకోమనండి.

సమస్య: ఆగినట్టే ఆగి మళ్లీ వస్తోంది

నిమిషానికోసారి వేళ్లు తీసి చూస్తే, అప్పుడే గడ్డ కడుతున్న రక్తం కదిలిపోతుంది. ఫోన్లో టైం చూసుకుని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా పట్టండి. అప్పటికీ ఆగకపోతే ఇంకోసారి అంతే సేపు పట్టాలి. నెత్తిన నీళ్లు పోసినందువల్ల రక్తం ఆగదు, నొక్కే చెయ్యి వదిలితేనే నష్టం. ఆగాక ఆ రోజంతా ముక్కు చీదకూడదు, గిల్లకూడదు.

సమస్య: పిల్లాడు రక్తం కక్కాడు

చూసి అందరూ హడలిపోతారు. తల వెనక్కి వాల్చినప్పుడు రక్తం గొంతులోకి దిగి కడుపులో చేరితే వాంతి అవుతుంది, శ్వాసలోకి వెళ్తే ఉక్కిరిబిక్కిరి అవుతారు. అందుకే తల ముందుకే వంచాలి, నోట్లోకి వచ్చింది మింగకుండా ఉమ్మించాలి. సరిగ్గా పట్టినా గొంతులోకి ధారగా దిగుతుంటే రక్తం ముక్కు వెనక భాగం నుంచి వస్తోందేమో. అది వేళ్లతో ఆగేది కాదు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఎప్పుడు ఆసుపత్రికి

సరిగ్గా పట్టినా 30 నిమిషాలకు ఆగకపోతే, రక్తం మరీ ఎక్కువగా పోతుంటే, కళ్లు తిరిగినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి. మెట్ల మీద పడి తలకు దెబ్బ తగిలాక రక్తం వస్తే, ముఖ్యంగా నీళ్లలాంటిది కలిసి కారితే, అసలు ఆలస్యం చేయొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు రక్తం వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. గుండెజబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లకైతే 10 నిమిషాలకు ఆగకపోయినా బయల్దేరండి, మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి. ఆ మాత్రలు సొంతంగా ఆపేయొద్దు. తిరుపతిలోని రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో చేరేదాకా దారిలో కూడా ముక్కు అలాగే నొక్కి పట్టి ఉంచండి.