ఎంసీబీ పడలేదంటే షాక్ లేదని కాదు

పోయిన మే నెలాఖర్లో మా బావమరిది ఫోన్ చేసి "బావా, గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు కింద స్టీల్ పైపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది" అన్నాడు. హైదరాబాద్ పక్కన బోడుప్పల్‌లో కొత్త ఇల్లు, గృహప్రవేశమై ఏడాది కూడా కాలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి డీబీ అనే స్విచ్చుల పెట్టె తెరిచి, అందులో ఎంసీబీ స్విచ్ దానంతటది పడలేదు కాబట్టి వైరింగ్‌లో తప్పేం లేదు, తడి చేత్తో ముట్టుకోకండి చాలు అని చెప్పి వెళ్లిపోయాడట. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది నమ్మేది ఇదే, అందుకే వానలు మొదలవకముందే ఇది రాస్తున్నాను.

ఎంసీబీ కాపాడేది మనిషిని కాదు, గోడలో ఉన్న వైరుని. దాని లోపల రెండు పనిముట్లుంటాయి. ఒకటి వేడికి వంగే లోహపు పట్టీ, లోడు కొంచెం ఎక్కువై చాలాసేపు అలాగే నడిస్తే అది నెమ్మదిగా వంగి స్విచ్‌ని పడేస్తుంది. రెండోది చిన్న కాయిల్, ఫేజూ న్యూట్రలూ నేరుగా తగిలి కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే కన్ను మూసి తెరిచేలోపు పడేస్తుంది. మీ గీజర్ ఎంసీబీ మీద సి16 అని ఉంటే, 16 ఆంపియర్ల దాకా అది కదలదు, కాయిల్ వెంటనే లాగాలంటే అందులో 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. మనిషి ఒంట్లోంచి ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు పారినా ప్రాణం పోవచ్చు, ఆ కొంచెం కరెంటు ఎంసీబీ లెక్కలోకే రాదు.

మరి మనిషిని ఎవరు చూసుకోవాలి? గీజర్ బాడీకి తగిలించిన ఆకుపచ్చ వైరు, అది వెళ్లి కలిసే ఎర్త్ గుంత. గీజర్ లోపల ఎలిమెంట్ పగిలి ఫేజు బాడీకి తగిలితే ఆ కరెంటు ఆకుపచ్చ వైరులోంచి గుంతలోకి, అక్కడి నుంచి మట్టిలోంచి కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఎర్త్‌కి చేరాలి. ఆ దారి ఎంత సులువుగా ఉంటే బాడీ మీద వోల్టేజీ అంత తక్కువ. ఆ దారిలో అడ్డు ఎంతుందో ఓముల్లో చెప్తారు, తక్కువ ఉంటే మంచిది.

మావాడి ఇంట్లో ఎర్త్ టెస్టర్ ఉన్న మనిషిని పిలిపించి గుంత కొలిపిస్తే 28 ఓములు వచ్చింది. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది, పైగా ఎండాకాలం మట్టి పొడిపొడిగా ఉంటుంది, ఆ గుంత మీదేమో పార్కింగ్ టైల్స్ వేసి మూసేశారు, కట్టినప్పటి నుంచి ఒక్క బకెట్ నీళ్లు పోసిన పాపాన పోలేదు. గీజర్ ఎలిమెంట్ చీలడం అప్పుడే మొదలైంది కాబట్టి సుమారు ఒక ఆంపియర్ లీకవుతోంది, 28 ఓముల మీద ఒక ఆంపియర్ అంటే బాడీ మీద 28 వోల్టులు. చెయ్యి జివ్వుమన్నది అందుకే.

ఎలిమెంట్ పూర్తిగా పోయి ఉంటే? ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎర్త్ ఓ రెండు ఓములు అనుకుందాం, మొత్తం 30. 230ని 30తో భాగిస్తే 7.7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది సగం లోడు కూడా కాదు, రోజంతా అలాగే ఉన్నా పడదు, ఈలోగా గీజర్ బాడీ మీద 215 వోల్టులు కూర్చుని ఉంటాయి! ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, రెండూ చెడిపోలేదు, అయినా స్నానానికి వెళ్లినవాడు బయటికి రాడు.

సరే, గుంతని బాగు చేసి 4 ఓములకు తెచ్చామనుకోండి. అప్పుడు 38 ఆంపియర్లు పారుతాయి, ఎంసీబీ పడుతుంది, కానీ కాయిల్ కాదు, ఆ వేడి పట్టీ వంగి పడేయాలి, దానికి కొన్ని సెకన్ల నుంచి ఒక నిమిషం పైనే పట్టొచ్చు. అంతసేపు బాడీ మీద 150 వోల్టుల పైనే. కాబట్టి సొంత గుంత మీద ఆధారపడే ఇంట్లో ఎంసీబీ, ఎర్త్ రెండూ కలిసినా చాలవు, మధ్యలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. అది ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సరిపోయాయా లేదా అని చూస్తుంది, కొంచెం తేడా వచ్చినా సెకనులో మూడో వంతు దాటకుండా పడేస్తుంది. మావాడి డీబీలో అది లేదు. ఉండి ఉంటే ఆ ఒక్క ఆంపియర్ లీకుకే, ఎవరూ ముట్టుకోకముందే పడిపోయేది.

అలాగని ఆర్‌సీసీబీ పెట్టించి ఎర్త్ వదిలేయకండి. ఎర్త్ వైరు తెగిపోయి ఉంటే లీకైన కరెంటుకి దారి ఉండదు, బాడీ మీద వోల్టేజీ కాచుకుని కూర్చుంటుంది, మొదటి దారి ముట్టుకున్న మనిషే అవుతాడు. ఆర్‌సీసీబీ అప్పుడు పడుతుంది, బహుశా ప్రాణమూ నిలుస్తుంది, కానీ దెబ్బ మాత్రం తగులుతుంది. ఇంకో మాట, ఆర్‌సీసీబీ మీద టి అని ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి, నొక్కగానే పడాలి, పడకపోతే మార్చాలి. అయితే అది చెప్పేది ఆర్‌సీసీబీ పనిచేస్తోందని మాత్రమే, ఎర్త్ సంగతి దానికి తెలియదు.

ఎర్త్ ఎలా ఉందో తెలుసుకోవడానికి చాలామంది ఎలక్ట్రీషియన్లు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి, వెలిగింది కదా అంటారు. 100 వాట్ల బల్బు లాగేది అర ఆంపియర్ కన్నా తక్కువ, 28 ఓముల గుంత మీద కూడా అది ధగధగా వెలుగుతుంది. వైరు తెగలేదని తెలుస్తుంది, అంతే. ఎర్త్ టెస్టర్‌తోనే కొలిపించండి, అదీ వానలకు ముందే, ఎందుకంటే నేల తడిశాక కొలిస్తే గుంత అసలు కన్నా మంచిదిగా కనిపిస్తుంది.

వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతోందని దాన్ని తీసేసి నేరుగా కలిపేసేవాళ్లున్నారు. ఆ పని చేయనివ్వకండి. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి, దేనికి పడిందో తప్పు ఆ లైనులో ఉంది. ఎక్కువగా గేటు లైటో, బాల్కనీ ప్లగ్గో, మోటారో అవుతుంది. అన్నీ దించినా పడుతోందంటే ఎక్కడో న్యూట్రల్ తడి గోడకు తగులుతోందని అర్థం, సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ని తెంచదు కాబట్టి అది ఎలక్ట్రీషియన్ వెతకాల్సిందే. ప్లగ్గులో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి లూప్ చేసి ఎర్తింగ్ ఇచ్చామనేవాళ్లనీ నమ్మొద్దు, న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే ఫ్రిజ్ తలుపు కూడా షాకిస్తుంది. మెయిన్ దించినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది, డీబీలో చెయ్యి పెట్టేవాడికి అది ముందే చెప్పండి.

మావాడు గీజర్ ఎలిమెంట్ మార్పించి, ఆర్‌సీసీబీ పెట్టించి, సంపు పక్కన తడి మట్టిలో రెండో గుంత తీయించి పాతదానితో కలిపించాడు. మళ్లీ కొలిస్తే 5 ఓములు. పాత గుంత మీద టైల్ కోసి మూత పెట్టించాడు, ఎండాకాలం ఆదివారం కారు కడిగేటప్పుడు రెండు బకెట్లు అందులో పోస్తున్నాడు.